సార్ట్ చేయకుండానే పక్కపక్క సంఖ్యల మధ్య అతి పెద్ద గ్యాప్: బకెట్ల పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

బెంగళూరులో మారతహళ్ళి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక బస్ స్టాప్ ఉందనుకుందాం. ఉదయం 6 గంటల నుంచి ఆ స్టాప్‌కి ఒక రూట్ బస్సులు ఎప్పుడెప్పుడు వచ్చాయో కొందరు ప్రయాణికుల ఫోన్లలో నమోదైంది. ఫోన్లకి నెట్ దొరికినప్పుడల్లా ఆ వివరాలు సర్వర్‌కి చేరతాయి కాబట్టి అవి సమయం వరుసలో రావు. మనకి తెలియాల్సింది ఒక్కటే. ఒక బస్సు వెళ్ళాక మళ్ళీ బస్సు రావడానికి ఆ ఉదయం పట్టిన అతి ఎక్కువ సమయం ఎంత?

ఉదాహరణకి నేను కల్పించుకున్న ఎనిమిది అంకెలు ఇవి. ఆరు దాటాక ఎన్నో నిమిషంలో బస్సు వచ్చిందో చెబుతాయి.

```
47, 3, 61, 12, 108, 52, 9, 83
```

ఆదివారాల్లో మా రూముకి అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగాలు వెతుక్కుంటున్న కుర్రాళ్ళు వస్తుంటారు. కలిసి ఇంటర్వ్యూ ప్రశ్నలు చేస్తుంటాం. ఈ లెక్క బోర్డు మీద రాయగానే ఒకడు, "అన్నా, సార్ట్ చేసేసి పక్కపక్కవి తీసేస్తే రెండు లైన్లలో అయిపోతుంది కదా?" అన్నాడు. అవుతుంది. సార్ట్ చేస్తే 3, 9, 12, 47, 52, 61, 83, 108 అని వస్తుంది. వాటి మధ్య గ్యాప్‌లు 6, 3, 35, 5, 9, 22, 25. జవాబు 35. అంటే 6:12కి ఒక బస్సు వెళ్ళాక మళ్ళీ 6:47కే వచ్చింది.

లీట్‌కోడ్‌లో 164వ నంబరు ప్రశ్న సరిగ్గా ఇదే. అక్కడ అదనంగా ఒక షరతు ఉంటుంది: O(n) సమయంలో, O(n) జాగాలో చేయాలి. పోలికల మీద ఆధారపడే సార్టింగ్‌కి O(n log n) పడుతుంది కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. 0 నుంచి గరిష్ఠ విలువ దాకా ఒక అర్రే పెట్టుకుని టిక్కులు కొట్టుకుంటూ పోదామంటే, ఆ ప్రశ్నలో విలువలు 10^9 దాకా ఉండొచ్చు, సంఖ్యలు మాత్రం 10^5కి మించవు. లక్ష సంఖ్యల కోసం వంద కోట్ల గడుల అర్రే ఎవరూ పెట్టరు. రాడిక్స్ సార్ట్ ఒక న్యాయమైన దారే, ఆమోదిస్తారు కూడా. కానీ బకెట్ల పద్ధతిలో ఉన్న ఆలోచన వేరు. అందులో మనం పూర్తి వరుస ఎప్పుడూ కనుక్కోం. జవాబుకి అక్కర్లేని వరుసని వదిలేస్తాం. ఏది అక్కర్లేదో ముందే ఎలా తెలుస్తుందన్నదే ఇక్కడ అసలు విషయం. దీన్ని 1975లో తెయోఫిలో గొంజాలెజ్ చూపించారు.

మొదటి అడుగు: జవాబు కనీసం ఎంత ఉండాలో ముందే చెప్పడం

సంఖ్యలన్నిటినీ ఒకసారి చూసి కనిష్ఠం, గరిష్ఠం తీసుకోండి. మన ఉదాహరణలో 3, 108. వాటి మధ్య మొత్తం దూరం 105. ఎనిమిది సంఖ్యలు ఉన్నాయి కాబట్టి, అవి ఏ వరుసలో వచ్చినా, సార్ట్ చేస్తే పక్కపక్కవాటి మధ్య ఏడు గ్యాప్‌లు ఉంటాయి. ఆ ఏడూ కలిపితే 105 రావాలి. సగటు 15.

ఏడు గ్యాప్‌లూ 15 కన్నా తక్కువైతే మొత్తం 105కి చేరదు. కాబట్టి వాటిలో ఒక్కటైనా 15 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండి తీరాలి. అంటే సంఖ్యలని సార్ట్ చేయకముందే, వాటి మధ్య సంబంధం ఏమీ తెలియకముందే, జవాబు 15కి తగ్గదని గట్టిగా చెప్పగలిగాం.

దీనికి ఇంకో వైపు చూడండి. ఏ రెండు సంఖ్యల మధ్య తేడా 15 కన్నా తక్కువో, ఆ జంట జవాబు కాదు. ఆ జంటని ఇక పట్టించుకోనక్కర్లేదు. తర్వాతి అడుగులన్నీ ఈ ఒక్క మాటని వాడుకోవడమే.

మొత్తం దూరం సరిగ్గా భాగించబడకపోతే? దూరం 100, గ్యాప్‌లు ఏడు అనుకోండి. సగటు 14.28 చిల్లర. మన సంఖ్యలు పూర్ణాంకాలు కాబట్టి గ్యాప్‌లు కూడా పూర్ణాంకాలే. 14.28కి తగ్గని పూర్ణాంకం అంటే కనీసం 15. అందుకని సగటుని పైకి సవరించుకుంటే సరిపోతుంది. దీన్ని w అందాం.

```
w = (hi - lo + n - 2) // (n - 1)
```

ఇక్కడ lo కనిష్ఠం, hi గరిష్ఠం, n సంఖ్యల లెక్క. n - 2 కలిపి భాగించడం పైకి సవరించే మామూలు పద్ధతే. దశాంశాల్లోకి వెళ్ళి సీలింగ్ ఫంక్షన్ పిలవడం కన్నా ఇది భద్రం. పెద్ద సంఖ్యల దగ్గర ఫ్లోట్ ఖచ్చితత్వం చెదిరే భయం ఉండదు.

రెండో అడుగు: బకెట్ వెడల్పు w పెట్టడం

lo నుంచి hi దాకా ఉన్న దూరాన్ని w వెడల్పు ముక్కలుగా కోద్దాం. మన ఉదాహరణలో w = 15. సున్నా నంబరు బకెట్‌లో 3 నుంచి 17 దాకా, ఒకటో నంబరు దానిలో 18 నుంచి 32 దాకా, అలా వరుసగా పోతాయి. ఏ సంఖ్య ఏ బకెట్‌లో పడుతుందో ఒక్క భాగహారంతో తెలిసిపోతుంది.

```
i = (x - lo) // w
```

ఒకే బకెట్‌లో పడ్డ ఏ రెండు సంఖ్యల మధ్య తేడా అయినా 14కి మించదు. 3, 17 ఉన్నా తేడా 14. జవాబు 15కి తగ్గదని ఇందాకే తేలింది. కాబట్టి బకెట్ లోపల ఏం జరుగుతోందో మనకి అనవసరం. లోపల రెండు సంఖ్యలున్నా, రెండు వేలున్నా, వాటి వరుస కనుక్కోవాల్సిన పని లేదు. సార్టింగ్‌కి అయ్యే అదనపు ఖర్చంతా ఇక్కడే ఆదా అవుతుంది.

అతి పెద్ద గ్యాప్ రెండు వేర్వేరు బకెట్ల మధ్యే ఉంటుంది. ఒక బకెట్‌లో ఉన్న అతి పెద్ద సంఖ్యకీ, దాని తర్వాత ఖాళీగా లేని బకెట్‌లో ఉన్న అతి చిన్న సంఖ్యకీ మధ్య. అందుకని ప్రతి బకెట్‌లో రెండే విలువలు దాచుకుంటే చాలు: అందులో పడ్డవాటిలో చిన్నది, పెద్దది. మిగతావి చూసి వదిలేయడమే.

ఎన్ని బకెట్లు కావాలి? `(hi - lo) // w + 1`. w సగటు కన్నా తక్కువ కాదు కాబట్టి ఈ లెక్క ఎప్పుడూ n దాటదు. అందుకే జాగా కూడా O(n)లోనే ఉంటుంది. విలువలు వంద కోట్ల దాకా ఉన్నా, సంఖ్యలు ఎనిమిదైతే బకెట్లు ఎనిమిదికి మించవు.

మూడో అడుగు: చేత్తో ఒకసారి చేసి చూడటం

కోడ్ రాయకముందు కాగితం మీద ఒకసారి చేయమని నేను అందరికీ చెబుతాను. ఎనిమిది సంఖ్యలే కదా, రెండు నిమిషాల పని.

వచ్చిన వరుసలోనే తీసుకుందాం. 47 లోంచి 3 తీస్తే 44, 15తో భాగిస్తే 2. రెండో నంబరు బకెట్‌లో చిన్నదీ పెద్దదీ 47. తర్వాత 3, సున్నా నంబరు బకెట్. 61కి 58 భాగం 15, అంటే 3. 12 సున్నాలోకి వెళుతుంది, అక్కడ పెద్దది ఇప్పుడు 12. 108కి 105 భాగం 15, సరిగ్గా 7. 52 మూడో నంబరులోకి వెళుతుంది, అక్కడ చిన్నది 52 అవుతుంది. 9 సున్నాలోకి వెళుతుంది, కానీ అది 3 కన్నా చిన్నది కాదు, 12 కన్నా పెద్దదీ కాదు. కాబట్టి దాని జాడ ఎక్కడా మిగలదు. చివరగా 83, అయిదో నంబరు.

అన్నీ వేశాక బకెట్లు ఇలా ఉంటాయి.

```
0:  చిన్నది 3    పెద్దది 12
1:  ఖాళీ
2:  చిన్నది 47   పెద్దది 47
3:  చిన్నది 52   పెద్దది 61
4:  ఖాళీ
5:  చిన్నది 83   పెద్దది 83
6:  ఖాళీ
7:  చిన్నది 108  పెద్దది 108
```

ఇప్పుడు ఎడమ నుంచి నడవండి. చేతిలో ముందటి పెద్దది 12. బకెట్ 1 ఖాళీ, దాటేయండి. బకెట్ 2లో చిన్నది 47. 47 - 12 = 35. ముందటి పెద్దది ఇప్పుడు 47. బకెట్ 3లో 52 - 47 = 5. ముందటిది 61. ఖాళీ దాటి, 83 - 61 = 22. మళ్ళీ ఖాళీ దాటి, 108 - 83 = 25. అతి పెద్దది 35. సార్ట్ చేసినప్పుడు వచ్చిందీ అదే. 6, 3, 9 అనే చిన్న గ్యాప్‌లని మనం అసలు లెక్క కట్టలేదు.

నాలుగో అడుగు: కోడ్

```python
def maximum_gap(a):
    n = len(a)
    if n < 2:
        return 0
    lo, hi = min(a), max(a)
    if lo == hi:
        return 0
    w = (hi - lo + n - 2) // (n - 1)
    k = (hi - lo) // w + 1
    bmin = [None] * k
    bmax = [None] * k
    for x in a:
        i = (x - lo) // w
        if bmin[i] is None:
            bmin[i] = bmax[i] = x
        elif x < bmin[i]:
            bmin[i] = x
        elif x > bmax[i]:
            bmax[i] = x
    best, prev = 0, bmax[0]
    for i in range(1, k):
        if bmin[i] is None:
            continue
        best = max(best, bmin[i] - prev)
        prev = bmax[i]
    return best
```

సున్నా నంబరు బకెట్ ఎప్పుడూ ఖాళీగా ఉండదు, ఎందుకంటే lo అందులోనే పడుతుంది. అందుకే prev ని నిశ్చింతగా `bmax[0]` తో మొదలుపెట్టాం. ఒకే సంఖ్య ఉన్నా, అన్ని సంఖ్యలూ సమానమైనా జవాబు సున్నా. అవి ముందే వేరు చేశాం.

గ్యాప్ ఎంతో మాత్రమే కాక ఎక్కడుందో కూడా కావాలంటే, best మారిన ప్రతిసారీ `prev`, `bmin[i]` రెండూ దాచుకోండి. బస్సుల లెక్కలో నిజంగా పనికొచ్చేది అదే. 35 నిమిషాలు అని చెప్పడం కన్నా 6:12 నుంచి 6:47 దాకా బస్సు లేదని చెప్పగలగాలి.

ఖాళీ బకెట్ గురించిన అపోహ

ఈ పద్ధతి విన్నాక చాలామంది ఒక తొందర నిర్ణయానికి వస్తారు. మా దగ్గరా ఒకమ్మాయి అడిగింది: "అన్నా, ఖాళీ బకెట్ ఎక్కడుందో చూసి దాని అటూ ఇటూ తీసేస్తే సరిపోదా? పెద్ద గ్యాప్ అక్కడే కదా ఉంటుంది?"

మన ఉదాహరణలో 35 ఖాళీ బకెట్ దాటే వచ్చింది కాబట్టి అలా అనిపించడం సహజం. కానీ అది నిజం కాదు. ఈ ఏడు సంఖ్యలు చూడండి.

```
0, 19, 30, 38, 41, 52, 60
```

మొత్తం దూరం 60, గ్యాప్‌లు ఆరు, w = 10. బకెట్ 0లో 0, బకెట్ 1లో 19, బకెట్ 2 ఖాళీ, బకెట్ 3లో 30, 38, బకెట్ 4లో 41, బకెట్ 5లో 52, బకెట్ 6లో 60. ఖాళీ బకెట్ ఒక్కటే. దాన్ని దాటే గ్యాప్ 19 నుంచి 30కి, అంటే 11. కానీ అతి పెద్ద గ్యాప్ 0 నుంచి 19కి, అంటే 19. అది బకెట్ 0కీ 1కీ మధ్య ఉంది, వాటి నడుమ ఖాళీ ఏదీ లేదు.

ఎందుకంటే, ఒక బకెట్‌లో మొదటి చివర ఉన్న సంఖ్యకీ, పక్క బకెట్‌లో ఆఖరి చివర ఉన్న సంఖ్యకీ మధ్య తేడా దాదాపు రెండు బకెట్ల వెడల్పు దాకా పోవచ్చు. ఒక ఖాళీ బకెట్‌కి రెండు వైపులా ఉన్న సంఖ్యలు దానికి ఆనుకునే ఉంటే వాటి మధ్య తేడా ఒక బకెట్ వెడల్పుని కొద్దిగా దాటుతుందంతే. ఖాళీ బకెట్ ఉందంటే జవాబు w దాటుతుందని తెలుస్తుంది, అంతవరకే. ఎక్కడుందో అది చెప్పదు. కాబట్టి ఖాళీ ఉన్నా లేకపోయినా వరుసగా ప్రతి జంటనీ చూడాలి. పై సంఖ్యలని మీ టెస్టుల్లో తప్పకుండా పెట్టుకోండి. ఖాళీ బకెట్ల దగ్గరే చూసే కోడ్ దీని మీద 11 చెప్పి దొరికిపోతుంది.

కోడ్ ఎక్కడ చెడుతుంది, ఎలా కనిపెట్టాలి

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు బకెట్ వెడల్పు పెద్దగా పెట్టడం. "కొంచెం పెద్ద బకెట్లు పెడితే జాగా తగ్గుతుంది కదా" అనిపిస్తుంది. 0, 11, 20, 31, 40 తీసుకోండి. గ్యాప్‌లు 11, 9, 11, 9. సరైన w 10. దాన్ని 20 చేశారనుకోండి. 0, 11 ఒక బకెట్‌లో, 20, 31 ఇంకో దానిలో, 40 వేరేగా పడతాయి. బకెట్ల మధ్య తేడాలు 9, 9. కోడ్ 9 అని చెబుతుంది. అసలు జవాబు 11, అది బకెట్ లోపల దాక్కుంది.

దీన్ని పట్టుకోవడానికి చక్కని మార్గం ఒకటుంది. సరైన జవాబు ఎప్పుడూ సగటుని పైకి సవరించిన విలువకి తగ్గదు. కాబట్టి return కి ముందు ఇది పెట్టండి.

```python
assert best * (n - 1) >= hi - lo
```

పై తప్పు కోడ్‌లో 9ని 4తో గుణిస్తే 36, అది 40కి తక్కువ. వెంటనే ఆగిపోతుంది. అన్ని తప్పులనీ ఇది పట్టదు, ఖాళీ బకెట్ అపోహని పట్టదు. కానీ వెడల్పు తప్పు లాగా జవాబుని తగ్గించి చెప్పే కొన్ని తప్పులు దీనికి దొరుకుతాయి.

రెండోది సగటుని కిందికి సవరించడం. దానివల్ల జవాబు తప్పు కాదు, ఎందుకంటే బకెట్ ఇంకా సన్నబడుతుందే తప్ప వెడల్పు కాదు. బకెట్లు కొంచెం పెరుగుతాయి, అయినా రెట్టింపు లోపే ఉంటాయి. కానీ 1, 1, 1, 2 లాంటి వాటిలో దూరం 1, గ్యాప్‌లు 3, కిందికి సవరిస్తే w సున్నా అవుతుంది. తర్వాతి లైన్లో సున్నాతో భాగహారం. సంఖ్యలు ఎక్కువై విలువలు తక్కువగా, రిపీట్ అవుతూ ఉన్నప్పుడే ఇది బయటపడుతుంది. కిందికి సవరించాలనుకుంటే `max(1, ...)` తప్పనిసరి.

మూడోది కాస్త మాయదారి తప్పు. గ్యాప్‌లు n - 1 కదా అని బకెట్లు కూడా n - 1 పెడతారు. మన బస్సుల లెక్కలో 108 ఏడో నంబరు బకెట్‌లోకి వెళ్ళాలి. ఏడే బకెట్లు ఉంటే వాటి నంబర్లు 0 నుంచి 6 దాకానే, ఇండెక్స్ దాటిపోతుంది. అయితే మొత్తం దూరం n - 1తో సరిగ్గా భాగించబడినప్పుడే ఇలా అవుతుంది. భాగించబడకపోతే w పైకి సవరించి ఉంటుంది కాబట్టి hi కూడా n - 2 లోపే సర్దుకుంటుంది. అందుకే ఈ తప్పున్న కోడ్ చాలా టెస్టులు దాటేసి, ఎక్కడో ఒక్కచోట పడిపోతుంది. పడిపోయిన ఇన్‌పుట్‌లో `(hi - lo) % (n - 1)` సున్నా వస్తోందా చూడండి, వెంటనే తేలిపోతుంది.

నాలుగోది x లోంచి lo తీసేయడం మరవడం. ధన సంఖ్యలే ఉంటే చాలాసార్లు ఇండెక్స్ దాటిపోయి ఎర్రర్ వస్తుంది, అది నయమే. రుణ సంఖ్యలు ఉంటే పైథాన్‌లో -1 అనే ఇండెక్స్ చెల్లుతుంది, అది చివరి బకెట్‌కి వెళుతుంది. ఏ ఎర్రరూ రాదు, జవాబు మాత్రం తప్పు. సీ ప్లస్ ప్లస్, జావాల్లో భాగహారం సున్నా వైపుకి సవరిస్తుంది కాబట్టి -3, 3 రెండూ 5తో భాగిస్తే సున్నానే. వేర్వేరు బకెట్లలో పడాల్సినవి కలిసిపోతాయి. lo తీసేస్తే అన్నీ సున్నా లేదా ధనమే, ఈ గొడవే ఉండదు.

ఆ భాషల్లో ఇంకొకటి కూడా చూసుకోవాలి. 32 బిట్ల int లో -200 కోట్లు, 200 కోట్లు రెండూ పడతాయి. కానీ వాటి మధ్య తేడా 400 కోట్లు పట్టదు. hi - lo, x - lo రెండిటినీ సీ ప్లస్ ప్లస్‌లో long long లో, జావాలో long లో లెక్క కట్టండి. లీట్‌కోడ్ ప్రశ్నలో రుణ సంఖ్యలు లేవు కాబట్టి అక్కడ ఈ ఇబ్బంది కనపడదు. ఆఫీసులో డేటా మీద వాడితే కనపడుతుంది.

ఖాళీ బకెట్‌కి గుర్తుగా None బదులు 0 గానీ -1 గానీ పెట్టడం కూడా అలాంటిదే. సరిగ్గా ఆరింటికి బస్సు వస్తే దాని విలువ 0. కోడ్ ఆ బకెట్ ఖాళీ అనుకుంటుంది.

సమయాలు సెకన్లలో దశాంశాలతో వస్తే, నా సలహా వాటిని మిల్లీసెకన్ల పూర్ణాంకాలుగా మార్చుకోమనే. ఫ్లోట్‌లతోనూ చేయొచ్చు. కానీ సరిహద్దు మీద పడే సంఖ్య ఏ బకెట్‌లోకి వెళుతుందో, hi ఎక్కడ తేలుతుందో ప్రతిసారీ ఆలోచించాలి. పూర్ణాంకాల్లో ఆ టెన్షన్ లేదు.

n log n హద్దు ఏమైంది?

ఇంటర్వ్యూలో కొంచెం లోతుగా అడిగేవాళ్ళు ఇక్కడికి వస్తారు. సంఖ్యల మీద పోలికలు, కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం లాంటి బీజగణిత పనులు మాత్రమే చేయనిస్తే, అతి పెద్ద గ్యాప్ కనుక్కోవడానికి n log n కన్నా మెరుగ్గా కుదరదని నిరూపణ ఉంది. మరి మనం n లో ఎలా చేశాం?

తేడా అంతా `//` లో ఉంది. భాగించి కిందికి సవరించే ఫ్లోర్ అనే పని ఆ జాబితాలో లేదు. ఒక పోలిక అవునో కాదో చెబుతుంది, అంటే రెండు దారుల్లో ఒకటి. ఒక ఫ్లోర్, దాంతో వచ్చిన అంకెని నేరుగా ఇండెక్స్‌గా వాడటం, ఒకే దెబ్బకి n దారుల్లో ఒకటి ఎంచుతాయి. హద్దు అబద్ధం కాలేదు. ఆ హద్దు ఏ పనుల గురించి చెప్పిందో వాటి బయటకి మనం అడుగు వేశాం. "బకెట్ పద్ధతి n log n ని ఓడించింది" అని చెప్పే బదులు ఈ రెండు వాక్యాలు చెప్పండి, అడిగినవాళ్ళకి మీకు విషయం తెలిసిందని అర్థమవుతుంది.

వేగం సంగతి కూడా సూటిగా చెప్పాలి. లక్ష సంఖ్యలకి log n దాదాపు 17. పైథాన్‌లో `sorted` లోపల సీ భాషలో నడుస్తుంది, మన లూప్ ఒక్కో సంఖ్యకీ ఇంటర్‌ప్రెటర్ గుండా పోతుంది. అందుకని ఆ పరిమాణంలో మామూలుగా `sorted` ముందుంటుంది. రోజువారీ బస్సుల డేటాకి నేనైతే సార్టే వాడతాను. బకెట్ పద్ధతి సీ ప్లస్ ప్లస్ లాంటి వాటిలో, సంఖ్యలు బాగా ఎక్కువున్నప్పుడు పరీక్షించి చూడదగ్గది. ఇంకోచోట కూడా ఇది నప్పుతుంది. డేటా చాలా యంత్రాల మీద ముక్కలుగా ఉంటే, lo, hi, n ముందు అందరికీ తెలిస్తే చాలు, ఒక్కో యంత్రం తన బకెట్ల చిన్నదీ పెద్దదీ విడిగా తయారు చేయగలదు. తర్వాత బకెట్‌కి బకెట్ పోల్చి, చిన్నవాటిలో చిన్నది, పెద్దవాటిలో పెద్దది తీసుకుని కలిపేయొచ్చు. అసలు సంఖ్యలు ఒకచోటికి తేనక్కర్లేదు. అయితే lo, hi తెలియడానికి ఒకసారి, బకెట్లలో వేయడానికి ఇంకోసారి, మొత్తం రెండు సార్లు డేటా చదవక తప్పదు. ఒకేసారి వచ్చి వెళ్ళిపోయే ప్రవాహం మీద దీన్ని ఇలాగే నడపలేం.

max బదులు min పెడితే?

ఈ ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. బెంగళూరులో బస్సుల కోసం నిలబడ్డవాళ్ళకి అది సహజంగానే వస్తుంది. చాలాసేపు ఏ బస్సూ రాక, తర్వాత రెండు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. అతి పెద్ద గ్యాప్ లాగే అతి చిన్న గ్యాప్ కూడా ఇదే కోడ్‌తో దొరుకుతుందా?

దొరకదు. మన ఎనిమిది సంఖ్యల మీదే చూడండి. అతి చిన్న గ్యాప్ 3, 9కీ 12కీ మధ్య. కానీ బకెట్ 0లో మనం 3, 12 మాత్రమే దాచాం. 9ని చూసి వదిలేశాం. best ని సున్నాతో కాక చాలా పెద్ద సంఖ్యతో మొదలుపెట్టి, best దగ్గరి max ని min చేసినా, ఆ కోడ్ బకెట్ల మధ్య తేడాలనే చూస్తుంది: 35, 5, 22, 25. అది 5 అని చెబుతుంది. పెద్ద గ్యాప్ విషయంలో సగటు వాదన బకెట్ లోపలి జంటలన్నిటినీ పక్కకి తోసేసింది. చిన్న గ్యాప్‌కి ఆ వాదన తిరగబడుతుంది: జవాబు సగటుకి మించదని మాత్రమే చెబుతుంది. అంటే వెతకాల్సిన జంటలు సరిగ్గా బకెట్ లోపలే ఉండొచ్చు. అప్పుడు బకెట్ లోపలి సంఖ్యలని దాచుకోవాలి, వాటి వరుస కూడా కనుక్కోవాలి. దాదాపు అన్ని సంఖ్యలూ ఒకే బకెట్‌లో పడితే మళ్ళీ సార్టింగే దిక్కు.